114 మాటల సంగ్రహం 80కి దించాలి: ఎండు నెత్తళ్ల పేపర్, పోర్టల్ తీసుకోవడం లేదు

జాలరిపేట_స్కాలర్
నమస్కారమండీ. ఒక సైన్స్ పత్రికకి పేపర్ పంపుతున్నాను. తెలుగు సంగ్రహం గరిష్ఠంగా 80 మాటలే ఉండాలట. 81వ మాట పడితే పెట్టె ఎర్రబడి 'సమర్పించు' బటన్ పనిచేయడం మానేస్తోంది. నాది 114 ఉంది. అటు కోస్తే ఇటు అర్థం పోతోంది. పేపర్ ఇంకా బయటికి రాలేదు కాబట్టి ఇక్కడ నేను వేసే అంకెలన్నీ మార్చినవే. సంగ్రహం ఇదీ:

> భారతదేశానికి సుదీర్ఘమైన సముద్ర తీరం ఉంది. అనాదిగా మత్స్యకారులు చేపలను ఎండబెట్టి నిల్వ చేసుకుంటున్నారు. ఎండు చేపలు పేదలకు చవకగా దొరికే మాంసకృత్తుల వనరు. విశాఖపట్నం తీరంలో నెత్తళ్లను ఎక్కువగా ఇసుక మీదే ఆరబెట్టడం జరుగుతోంది. దీనివల్ల ఇసుక అంటుకోవడం, తేమ పూర్తిగా పోకపోవడం, బూజు పట్టడం వంటి అనేక సమస్యలు తలెత్తుతున్నాయి. ఈ నేపథ్యంలో వివిధ ఎండబెట్టే పద్ధతులను గురించి ఒక సమగ్రమైన అధ్యయనం చేపట్టడం జరిగింది. ఇందుకోసం తీరంలోని మూడు చోట్ల నుంచి నమూనాలను సేకరించి, ప్రామాణిక పద్ధతుల ద్వారా ప్రయోగశాలలో తేమ, ఇసుక, ఉప్పు, సూక్ష్మజీవుల సంఖ్య మొదలైనవాటిని విశ్లేషించడం జరిగింది. ఎత్తైన వల మంచెల మీద ఆరబెట్టిన చేపల్లో తేమ, ఇసుక గణనీయంగా తక్కువగా ఉన్నట్లు గమనించడం జరిగింది. తేమ 8 శాతం తగ్గింది. బూజు కూడా ఆలస్యంగా వచ్చింది. ఫలితాలను వివరంగా చర్చించడమైనది. కాబట్టి మత్స్యకారులందరూ వల మంచెలకు మారితే వారి ఆదాయం పెరుగుతుందని, ప్రభుత్వం రాయితీ ఇవ్వాలని ఈ అధ్యయనం సూచిస్తోంది. ఈ దిశగా మరిన్ని పరిశోధనలు జరగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

బీచ్‌రోడ్డు_బాబాయ్
ఏటి తమ్ముడూ, ఇంత 'జరిగింది' ఏటి? నాలుగుసార్లు ఉంది. 'విశ్లేషించడం జరిగింది' అనేబదులు 'విశ్లేషించాం' అను, ఒక మాట మిగిలిపోద్ది. మిగతావి అతికించేయ్. 'ఎండుచేపలు', 'సముద్రతీరం', 'వలమంచెలమీద'. పోర్టల్‌కి ఖాళీలే కదా లెక్క. సంధులూ సమాసాలూ ఉన్నది దేనికి మరి!

ఎర్రపెన్సిల్
బాబాయ్ గారి మొదటి సలహా సరైనదే. కాకపోతే నాలుగు 'జరగడాలూ' తీసేస్తే మిగిలేది నాలుగు మాటలే, 110 దగ్గర ఆగుతాం. అతికించడం వద్దండీ. 'సముద్రతీరం' సరే, అది అలా రాసేదే. 'వలమంచెలమీద' లాంటివి పోర్టల్ దాటినా సంపాదకుడి దగ్గర విడిపోతాయి. అప్పుడు లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఇబ్బంది మాటల పొదుపు కాదు. 114 మాటలు ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో లెక్కపెట్టాను. మొదటి ఐదు వాక్యాలు, అంటే 38 మాటలు, నేపథ్యానికే పోయాయి. ఆరో వాక్యం లక్ష్యం చెప్పాలి, కానీ 'సమగ్రమైన అధ్యయనం' అని 11 మాటల్లో ఏమీ చెప్పకుండా తప్పించుకుంది. పద్ధతికి 19, ఫలితానికి 21. 'ఫలితాలను వివరంగా చర్చించడమైనది' అన్న మూడు మాటలు ఏ పేపర్లో పెట్టినా అతుకుతాయి, కాబట్టి అవి ఈ పేపర్‌వి కావు. ముగింపుకి 14, 'మరిన్ని పరిశోధనలు' అనే మొక్కుబడికి 8. మొత్తం చదివాక కూడా ఎన్ని చేపల రాశులు ఎండబెట్టారో, దేనితో దేన్ని పోల్చారో, 8 శాతం అంటే ఎంత నుంచి ఎంతకో నాకు తెలియలేదు.

అందుకే ఈ పాఠాన్ని కొయ్యకండి, పక్కన పెట్టేయండి. కొన్ని వివరాలు ఇక్కడ రాయండి చాలు. చేపల్ని రెండు పద్ధతులకీ ఎలా పంచారు? ఎన్నిసార్లు, ఏ నెలల్లో? తేమ రెండు వైపులా ఎంత? బూజు 'ఆలస్యంగా' అంటే ఎన్ని రోజులకి, ఎన్ని రాశుల్లో? ఇవన్నీ కొలవకముందు మీరు ప్రధానంగా చూడాలనుకున్నది దేన్ని?

జాలరిపేట_స్కాలర్
ఒకే పడవ నుంచి వచ్చిన నెత్తళ్లు ప్రతిసారి 10 కిలోలు తీసుకుని 5, 5 కిలోలుగా పంచాం. ఏ సగం ఇసుక మీదకి, ఏ సగం మంచె మీదకి అన్నది చీటీ వేసి తేల్చాం. మూడు చోట్ల నాలుగేసిసార్లు, మొత్తం 12. ఫిబ్రవరి, మార్చి. మూడు రోజుల ఎండ. తేమ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చూశాం, ఇసుకని ఆమ్లంలో కరగని బూడిదగా.

సగటు తేమ ఇసుక మీద 24.1, మంచె మీద 16.3. అంటిన ఇసుక 3.4, 0.6. మామూలు గదిలో రెండు నెలలు ఉంచితే ఇసుక మీద ఎండిన 12 రాశుల్లో 9 బూజు పట్టాయి, మంచె మీదవి 12లో 2. మేం ప్రధానంగా అనుకున్నది తేమే. ఉప్పులో తేడా లేదు. సూక్ష్మజీవుల లెక్క ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది, ఏమీ తేల్చలేం.

గణాంకాల_గిరి
డేటా బాగుంది. అయితే ఇన్ని అంకెలు సంగ్రహంలో దేనికి? 'తేమ గణనీయంగా తగ్గింది, p<0.05' అని వేయండి, నాలుగైదు మాటల్లో అయిపోతుంది. మిగతావి పట్టికలో ఎలాగూ ఉంటాయి.

ఎర్రపెన్సిల్
గిరి గారూ, పొదుపైతే నిజమే. కానీ నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి తేడా యాదృచ్ఛికంగా కనపడే అవకాశం ఎంతో ఆ p అంకె చెబుతుంది గానీ తేడా ఎంతో చెప్పదు. తేమ అర పాయింటు తగ్గినా, చాలినన్ని రాశులుంటే p చిన్నదిగానే వస్తుంది. చేప కొనేవాడికీ, పేపర్ చదివేవాడికీ కావాల్సింది 24 నుంచి 16 అన్న సంగతి. చాలామంది సంగ్రహం దగ్గరే ఆగిపోతారు, పట్టిక దాకా రారు. తేడాని దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో ఇస్తే p ప్రత్యేకంగా రాయక్కర్లేదు. అవధిలో సున్నా ఉందో లేదో అదే చూపిస్తుంది. స్కాలర్ గారూ, జతల తేడాకి లెక్కకట్టిన ఇంటర్వెల్ ఉందా? రెండు సగటులకీ విడివిడిగా కట్టింది కాదు, 12 తేడాల మీద కట్టింది కావాలి.

ఇంకోటి, ఇది తప్పనిసరిగా మార్చాలి. 'తేమ 8 శాతం తగ్గింది' అన్నారు. 24.1 నుంచి 16.3కి అంటే తగ్గింది 7.8 శాతం పాయింట్లు. ఉన్న తేమలో శాతంగా చూస్తే 32 తగ్గింది. '8 శాతం తగ్గింది' అని చదివినవాడు 24 కాస్తా 22 అయిందనుకుంటాడు. మీ ఫలితాన్ని మీరే నాలుగోవంతుకి కుదించుకున్నారన్నమాట. రెండు అంకెలూ రాసి 'పాయింట్లు' అంటే గొడవే లేదు.

జాలరిపేట_స్కాలర్
అయ్యో, అది చూసుకోలేదండీ. జతల తేడా మీద 95 శాతం ఇంటర్వెల్ 6.2 నుంచి 9.4.

శాసనాల_పిచ్చి
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. నాది చరిత్ర, ఉత్తరాంధ్ర శాసనాల మీద పేపర్. మా దగ్గర తేమా లేదు, ఇంటర్వెలూ లేదు. సంగ్రహంలో 'ఫలితం' అని అడిగితే ఏం రాయాలి? 'శాసనాల్లోని దానధర్మాలను విశ్లేషించాను' అని రాశాను, అదే కదా మేం చేసేది?

ఎర్రపెన్సిల్
అది పనిపేరు మేడమ్, ఫలితం కాదు. విశ్లేషిస్తే ఏం తేలిందో అదే ఫలితం. ఫలానా శతాబ్దంలో భూదానాలు తగ్గి దీపదానాలు పెరిగాయని మీరు వాదిస్తుంటే ఆ వాక్యమే రాయాలి. ఎన్ని శాసనాలు చదివారు, ఏ ఆలయాలవి, ఏ కాలానివి అన్నది మీ పద్ధతి. అంకె కావాలంటే అక్కడుంది. విడిగా దారం మొదలుపెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం.

సరే, నెత్తళ్ల దగ్గరికి. నేను రాసే వరస వేరు, చదివే వరస వేరు. ముందు ఫలితం వాక్యాలు రాసేస్తాను, ఎందుకంటే వాటిలోనే కొయ్యడానికి వీల్లేని అంకెలుంటాయి. తరవాత ఆ ఫలితాన్ని నమ్మడానికి ఎంత అవసరమో అంత పద్ధతి. ఇక్కడ నమ్మకం కలిగించేది ఓవెన్ డిగ్రీలు కాదు. ఒకే పడవ చేపని పంచడం, చీటీ వేయడం, 12 సార్లు చేయడం. ఓవెన్ సంగతి పేపర్ లోపల ఉంటుంది. ఆ తరవాత లక్ష్యం: ఫలితం ఏ ప్రశ్నకి జవాబో ఆ ప్రశ్నే లక్ష్యం. 'వివిధ పద్ధతులు' అనకూడదు, ఉన్నవి రెండే. నేపథ్యం చిట్టచివర, మాటలు మిగిలితేనే.

> విశాఖ తీరంలో నెత్తళ్లను ఎక్కువగా ఇసుక మీదే ఎండబెడతారు. వల మంచెల మీద ఎండబెడితే తేమ, ఇసుక, బూజు ఎంత తగ్గుతాయో పరిశీలించాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడు చోట్ల మొత్తం 12 సార్లు, ఒకే పడవ చేపను రెండు సమాన భాగాలు చేసి, చీటీ వేసి ఒక్కో భాగాన్ని ఒక్కో పద్ధతిలో మూడు రోజులు ఎండబెట్టాం. సగటు తేమ ఇసుక మీద 24.1%, మంచె మీద 16.3%, తేడా 7.8 పాయింట్లు, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 6.2 నుంచి 9.4. అంటిన ఇసుక వరుసగా 3.4%, 0.6%. రెండు నెలల నిల్వలో ఇసుక రాశుల్లో 9, మంచె రాశుల్లో 2 బూజు పట్టాయి. పొడి కాలంలో మంచెకు మారితే ఎండు నెత్తళ్ల నిల్వకాలం పెరగవచ్చు.

ఇది 82. రెండు ఎక్కువున్నాయి. శాతం గుర్తుని అంకెకి ఆనించి రాశాను, గమనించండి. '24.1 శాతం' రెండు మాటలు, '24.1%' ఒకటే. రెండు వైపులా ఖాళీతో అడ్డగీత పెడితే వర్డ్ దాన్ని కూడా ఒక మాటగా లెక్కిస్తుంది, అందుకే కామా వాడాను.

బీచ్‌రోడ్డు_బాబాయ్
'ఎక్కువగా' తీసేయ్, 'మొత్తం' తీసేయ్. 80. అయిపోయింది, టీ తాగుదాం.

సింహాచలం_సంపెంగ
ఆ రెండూ తీయకూడదు బాబాయ్ గారూ. 'ఎక్కువగా' తీస్తే విశాఖలో అందరూ ఇసుక మీదే ఎండబెడతారని అర్థమొస్తుంది, అది నిజం కాదు. 'మొత్తం' తీస్తే మూడు చోట్లా 12 చొప్పున 36 సార్లు చేశారేమో అనుకుంటారు. పొట్టి మాటే పనికిరానిదని లేదు కదా.

నేనైతే ఇలా తగ్గిస్తాను. 'ఫిబ్రవరి, మార్చి నెలల్లో' బదులు 'ఫిబ్రవరి, మార్చిలో'. ఒకటి పోయింది. 'రెండు సమాన భాగాలు చేసి' బదులు 'సగాలుగా పంచి', రెండు పోయాయి. సగం అంటేనే సమానం కదా. తరవాత 'భాగాన్ని' అన్నచోట 'సగాన్ని'. మొత్తం 79.

ఒక సందేహం. 'ఎంత తగ్గుతాయో పరిశీలించాం' అంటే తగ్గుతాయని ముందే తేల్చుకుని మొదలుపెట్టినట్టు ఉంది. 'ఎంత మారతాయో' అనాలేమో?

ఎర్రపెన్సిల్
'మారతాయో' నే సరి. నా కంటపడలేదు. సమీక్షకుడైతే పట్టుకునేవాడు.

గణాంకాల_గిరి
ఇంటర్వెల్ విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఉప్పు, సూక్ష్మజీవులు ఏమయ్యాయి? కొలిచారు, సంగ్రహంలో లేవు. అనుకూలంగా వచ్చినవే చూపించినట్టు కాదా?

ఎర్రపెన్సిల్
మంచి ప్రశ్న. పాత సంగ్రహంలో అంతకన్నా ఘోరం ఉంది, నాలుగు కొలిచామని చెప్పి రెండింటి ఫలితమే ఇచ్చింది. చదివేవాడు మిగతా రెండూ ఏమయ్యాయని అడుగుతాడు. కొత్తదాంట్లో పద్ధతి నుంచి కూడా తీశాం కాబట్టి ఆ పొంతన లేకపోవడం లేదు. ప్రధాన కొలత తేమ అని ముందే నిర్ణయించుకున్నారు కాబట్టి ఉప్పు వదిలేయవచ్చు. పట్టికలో మాత్రం ఉండాలి.

గణాంకాల_గిరి
ఉప్పు సరే. ఎండు చేప పేపర్లో సూక్ష్మజీవుల లెక్క చిన్న విషయం కాదండీ. తినేవాడి భద్రత అదే. పైగా బూజు కూడా ప్రధాన కొలత కాదు కదా, దాన్ని ఉంచి దీన్ని వదలడం దేనికి? 'సూక్ష్మజీవుల సంఖ్యలో తేడా తేలలేదు' అంటే నాలుగు మాటలు. ఇసుక వాక్యం తీస్తే ఐదు వస్తాయి.

ఎర్రపెన్సిల్
దీనికి నా దగ్గర పక్కా జవాబు లేదు. బూజు ఉండాల్సిందే, ముగింపులో నిల్వకాలం అన్నది దాని మీదే నిలబడింది. ఇసుకకీ సూక్ష్మజీవులకీ మధ్యే పోటీ. నేను ఇసుకే ఉంచుతాను, గిరి గారి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. తేల్చాల్సింది స్కాలర్ గారూ, వారి గైడూ.

జాలరిపేట_స్కాలర్
మా సార్‌ని అడిగాను. సూక్ష్మజీవుల సంగతి ఆలోచిద్దాం అన్నారు. కానీ ఆదాయం పెరుగుతుందన్నదీ, ప్రభుత్వ రాయితీ అన్నదీ ఉండాలంటున్నారు. అవి లేకపోతే పేపర్‌కి ప్రయోజనం కనపడదట.

ఎర్రపెన్సిల్
ఆదాయం కొలిచారా? మంచె కట్టడానికి ఎంతైందో, ఎన్నేళ్లు నిలుస్తుందో, మంచె చేపకి ధర ఎంత ఎక్కువ పలికిందో పేపర్లో ఎక్కడైనా ఉందా?

జాలరిపేట_స్కాలర్
లేదండీ. చర్చ విభాగంలో ఒక వాక్యం ఉంది, అంతే.

ఎర్రపెన్సిల్
అయితే సంగ్రహంలోకి రాకూడదు. ముగింపు వాక్యం ఫలితం వాక్యం నుంచి ఒక్క అడుగే ముందుకెళ్లాలి. మీ ఫలితం తేమ, ఇసుక, బూజు. ఒక అడుగు వేస్తే నిల్వకాలం. ఇంకో అడుగు వేస్తే ధర, మూడో అడుగు ఆదాయం, నాలుగోది రాయితీ. ఆ మూడు అడుగులకీ మీ దగ్గర కొలత లేదు. సార్‌కి ఇలా చెప్పి చూడండి: సమీక్షకుడు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే, దానివల్ల మంచి డేటా మీద కూడా అనుమానం వస్తుంది. రాయితీ మాట చర్చ విభాగంలో హాయిగా ఉంచుకోవచ్చు.

బీచ్‌రోడ్డు_బాబాయ్
'పొడి కాలంలో' అన్నది మాత్రం తియ్యకు తమ్ముడూ. వానాకాలంలో మంచె మీదైనా మూడు రోజుల్లో ఎండదు, కప్పి తీసి కప్పి తీసి చావాలి. ఫిబ్రవరి అంకెలు చూసి ఆగస్టులో మంచె కట్టినోడు నిన్ను తిడతాడు.

జాలరిపేట_స్కాలర్
సార్ ఒప్పుకున్నారు! కానీ కొత్త తలనొప్పి. సంపెంగ గారి మార్పులతో 79 మాటలు. వర్డ్‌లో 79 అనే చూపిస్తోంది. పోర్టల్ 86 అంటోంది! ఏడు మాటలు ఎక్కడినుంచి వచ్చాయి?

సింహాచలం_సంపెంగ
దశాంశ అంకెలు ఎన్నున్నాయో చూడండి. 24.1, 16.3, 7.8, 6.2, 9.4, 3.4, 0.6. సరిగ్గా ఏడు. ఆ పోర్టల్ చుక్క దగ్గర కూడా మాట విడగొడుతోందనుకుంటా. ఖాళీ పెట్టెలో ఉత్త 24.1 అని వేసి చూడండి. 2 అని చూపిస్తే అదే కారణం.

జాలరిపేట_స్కాలర్
అవునండీ, 2 అంటోంది.

సింహాచలం_సంపెంగ
అయితే అవసరం లేని దశాంశాలు తీసేయండి. 24%, 16%, తేడా 8, ఇంటర్వెల్ 6 నుంచి 9. గుండ్రం చేసినా 24లోంచి 16 తీస్తే 8 వస్తోంది, కాబట్టి చదివేవాడికి తికమక ఉండదు. ఇసుక దగ్గర మాత్రం వద్దు. 3.4, 0.6 ని 3, 1 చేస్తే 2.8 ఉన్న తేడా 2కి పడిపోతుంది. ఆ రెండు దశాంశాలూ ఉంచితే పోర్టల్ లెక్కలో 81. ఇంకొక్కటి తగ్గాలి. 'ఇసుక మీదే' బదులు 'ఇసుకపైనే' అనండి, అది అతికించడం కాదు, మామూలు తెలుగే. 80.

ఎర్రపెన్సిల్
బాగా పట్టారు. గుండ్రం చేశాక పట్టికతో ఒకసారి సరిచూసుకోండి. 1999లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ఆరు పెద్ద వైద్య పత్రికల సంగ్రహాలని లోపలి పాఠంతో పోల్చింది. పొంతన లేని అంకెలు, లేదా పేపర్లో ఎక్కడా లేని అంకెలు ఉన్న సంగ్రహాలు పత్రికని బట్టి 18 నుంచి 68 శాతం దాకా తేలాయి. ఇలాంటి చివరి నిమిషం మార్పుల్లో తప్పు దూరవచ్చు. సంగ్రహం ప్రింటు తీసి, ప్రతి అంకె పక్కన అది ఏ పట్టికలో ఉందో పెన్సిల్‌తో రాయండి. రాయలేకపోయిన అంకె ఏదైనా ఉంటే అది తీసేయాలి.

జాలరిపేట_స్కాలర్
చేశాను. అన్నీ కలిశాయి, ఒకటి తప్ప. బూజు పట్టికలో మంచె రాశులు 3 అని ఉంది, సంగ్రహంలో 2. పట్టికలోది మూడో నెల లెక్కట, రెండో నెల వరస దాని పైన ఉంది. 2 సరైనదే. ఇప్పుడు పాఠం ఇదీ:

> విశాఖ తీరంలో నెత్తళ్లను ఎక్కువగా ఇసుకపైనే ఎండబెడతారు. వల మంచెల మీద ఎండబెడితే తేమ, ఇసుక, బూజు ఎంత మారతాయో పరిశీలించాం. ఫిబ్రవరి, మార్చిలో మూడు చోట్ల మొత్తం 12 సార్లు, ఒకే పడవ చేపను సగాలుగా పంచి, చీటీ వేసి ఒక్కో సగాన్ని ఒక్కో పద్ధతిలో మూడు రోజులు ఎండబెట్టాం. సగటు తేమ ఇసుక మీద 24%, మంచె మీద 16%. తేడా 8 పాయింట్లు, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 6 నుంచి 9. అంటిన ఇసుక వరుసగా 3.4%, 0.6%. రెండు నెలల నిల్వలో ఇసుక రాశుల్లో 9, మంచె రాశుల్లో 2 బూజు పట్టాయి. పొడి కాలంలో మంచెకు మారితే ఎండు నెత్తళ్ల నిల్వకాలం పెరగవచ్చు.

పోర్టల్ 80 అంది. బటన్ వెలిగింది. ఇంకా నొక్కలేదు, సూక్ష్మజీవుల వాక్యం గురించి సార్ రేపు చెబుతానన్నారు.

గణాంకాల_గిరి
అది పెట్టమంటే ఇసుక వాక్యం పోవాలి. అప్పుడు లక్ష్యం వాక్యంలో 'ఇసుక' తీసి 'సూక్ష్మజీవులు' చేర్చడం మరిచిపోకండి.